‘తనైతే ఇలా చేసేది కాదు’ అనే మాట వెనక ఏముంటుంది

ప్రశ్న: మేడమ్, మాకు పెళ్లై ఏడాదిన్నర. పెద్దలు కుదిర్చిన సంబంధం. మా ఆయన బీటెక్‌లో ఉన్నప్పుడు ఒక అమ్మాయిని ప్రేమించారు, కులం వేరని మా అత్తగారు వాళ్లు ఒప్పుకోలేదు. ఇదంతా పెళ్లికి ముందే చెప్పారు, నేనూ సరే అనుకున్నాను. ఇప్పుడు వంట దగ్గర్నుంచి నేను ఫోన్‌లో మాట్లాడే తీరు దాకా ప్రతిదానికీ ‘తనైతే ఇలా చేసేది కాదు’ అంటారు. నేను ఏడిస్తే ‘సరదాగా అన్నా, నీకు జోక్ కూడా అర్థం కాదు’ అంటారు. ఆయన మనసు ఇంకా అక్కడే ఉందా? నేను ఏం చెయ్యాలి?

జవాబు:

సూటిగానే చెప్తాను. పోల్చడం ఒక్కటే చూసి ఆయన మనసు ఆ అమ్మాయి దగ్గరే ఉందని ఎవరూ చెప్పలేరు. మీరు రాసినదాన్ని బట్టి నాకు అనిపిస్తున్నది ఇది: ఆ ప్రేమ తెగిపోయినప్పటి బాధ ఆయన ఎవరి దగ్గరా చెప్పుకోలేదు, అది అలాగే లోపల ఉండిపోయింది. దానికి తోడు, ఆ అమ్మాయి ఊసెత్తితే మీరు వెంటనే తగ్గిపోతారని ఈ ఏడాదిన్నరలో ఆయనకి తెలిసిపోయింది. ఈ రెండూ ఒకటి కాదు. ఒకటి దుఃఖం, రెండోది అలవాటైపోయిన ఆయుధం. మూడోది కూడా ఉండొచ్చు, ఇప్పటికీ ఇద్దరి మధ్య మాటలు నడుస్తూ ఉండటం. అది ఉందో లేదో మీరు రాయలేదు, బహుశా మీకూ తెలిసి ఉండదు. ఈ మూడింట్లో ఏది ఎంత ఉందో తేలకుండా ఏం చేసినా గురి తప్పుతుంది. అందుకని ముందు అది ఎలా తేల్చుకోవాలో చెప్తాను.

నేను కుటుంబ కౌన్సెలింగ్‌లో చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. ప్రేమించిన మనిషిని కాదని ఇంట్లోవాళ్లు వేరే పెళ్లి చేసిన జంటలు మా దగ్గరికి వస్తూనే ఉంటాయి, వాటిలో ఈ పోలికల గొడవ చాలా మామూలు. మామూలు ఎందుకో అర్థమైతే మీ మనసుకి కొంచెం ఊపిరి ఆడుతుంది.

రెండు రకాల విడిపోవడాలు ఉంటాయి. ఇద్దరూ పోట్లాడుకుని, ఒకళ్ల మీద ఒకళ్లకి విసుగొచ్చి, చివరికి చాలు బాబూ అనుకుని విడిపోతే ఆ మనిషి లోపాలు కూడా గుర్తుంటాయి. మంచి గుర్తొచ్చిన వెంటనే చెడూ గుర్తొస్తుంది, లెక్క సరిపోతుంది. కానీ మీ ఆయన విషయంలో అలా జరగలేదు. బాగా నడుస్తున్న బంధాన్ని బయటివాళ్లు మధ్యలో కోసేశారు. ఆయన జ్ఞాపకంలో ఆ అమ్మాయి అన్నీ బాగున్న రోజుల్లోనే ఆగిపోయింది. ఆమెతో కలిసి అద్దె కట్టలేదు, గ్యాస్ అయిపోయిన రోజు జ్వరంతో ఒకళ్లమీద ఒకళ్లు చిరాకు పడలేదు, ఏ పండక్కి ఎవరి ఊరు వెళ్లాలో వాదించుకోలేదు, ఆమె వాళ్ల అత్తగారితో ఎలా ఉండేదో ఆయనకి తెలియనే తెలియదు. క్యాంటీన్‌లో గంటసేపు కనిపించే మనిషిని, ఇరవై నాలుగు గంటలూ ఒకే ఇంట్లో ఉండే మనిషితో పోలుస్తున్నారు. ఆ పోటీలో మీరే కాదు, ఎవరూ గెలవలేరు. పెళ్లయ్యుంటే ఆ అమ్మాయి కూడా ఓడిపోయేది.

దీనికి తోడు జ్ఞాపకం దానంతటది కూడా మెరుగు దిద్దుకుంటుంది. అమెరికాలో కొందరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1997లో ఒక పరిశోధన ప్రచురించారు. యూరప్ యాత్రకి వెళ్లినవాళ్లని, కాలిఫోర్నియాలో మూడు వారాలు సైకిల్ మీద తిరిగినవాళ్లని యాత్రకి ముందు, మధ్యలో, తర్వాత అడిగారు. మధ్యలో అడిగినప్పుడు చెప్పిన విసుగులూ ఇబ్బందులూ తర్వాత అడిగినప్పుడు బాగా పలచబడిపోయాయి, మొత్తంగా యాత్ర అప్పుడు అనిపించినదానికంటే బాగుందని గుర్తుపెట్టుకున్నారు. యాత్రకే ఇలా ఉంటే మొదటి ప్రేమ సంగతి ఎలా ఉంటుందో ఆలోచించండి. కాబట్టి ఆయన నోట వచ్చే ‘తను’ అచ్చంగా ఆ అమ్మాయి కాదు, ఆయన మిగుల్చుకున్న ముక్క. మీరు ఆ అమ్మాయి మీద కోపం పెంచుకుంటే లేని మనిషితో యుద్ధం చేసినట్టే అవుతుంది.

ఇక మనసు ఎక్కడుంది అన్న ప్రశ్న. 1959లో జాన్ తిబో, హెరాల్డ్ కెల్లీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు బంధాల గురించి చెప్పిన ఒక మాట నాకు ఈ పనిలో రోజూ ఉపయోగపడుతుంది. మనిషి తన బంధాన్ని రెండు కొలతలతో చూస్తాడు అన్నారు. మొదటిది, నాకు ఇంత దక్కాలి అనే అంచనా, ఇది గతంలో చూసినవాటి నుంచి తయారవుతుంది. రెండోది, ఇది వదిలేస్తే బయట నాకు ఏం దొరుకుతుంది అనే లెక్క. మొదటి కొలతలో తక్కువ అనిపిస్తే మనిషి అసంతృప్తిగా ఉంటాడు, సణుగుతాడు, కానీ ఉంటాడు. రెండో కొలతలో బయటే మెరుగు అనిపించినప్పుడే కాలు బయటికి పడుతుంది. 1980ల్లో క్యారిల్ రస్‌బుల్ట్ అనే పరిశోధకురాలు దీన్ని ఇంకా ముందుకి తీసుకెళ్లి, బంధం నిలబడటానికి సంతృప్తి ఒక్కటే చాలదు, బయట ఉన్న దారి ఎంత ఆకర్షణగా కనిపిస్తోంది, ఇందులో ఇప్పటిదాకా ఎంత పెట్టాం అన్నవి కూడా లెక్కలోకి వస్తాయని చూపించారు.

మీ ఇంట్లో ఆ అమ్మాయి ఏ కొలతలో ఉంది? గతంలోని కొలబద్దగానా, ఇప్పుడు తెరిచి ఉన్న తలుపుగానా? దీనికి నేను చూసే గుర్తు చాలా చిన్నది, కానీ తప్పడం అరుదు. ఆయన మాటల్లో కొత్త సమాచారం ఉందా అని చూడండి. ‘తనైతే ఫోన్ వెంటనే ఎత్తేది’, ‘తను ఇంత గట్టిగా మాట్లాడేది కాదు’, ఇవన్నీ పాతవి, కాలేజీ నాటివి, అవే నాలుగైదు మళ్లీ మళ్లీ తిరుగుతుంటాయి. ఇది జ్ఞాపకం. అదే ‘తనకి ఈ మధ్య ప్రమోషన్ వచ్చింది’, ‘వాళ్లాయన అసలు పట్టించుకోడట’, ‘తను ఇప్పుడు జిమ్‌కి వెళ్తోంది’ లాంటివి వస్తున్నాయంటే సమాచారం ఎక్కడి నుంచో వస్తోంది. సోషల్ మీడియాలో చూస్తున్నాడేమో, కామన్ ఫ్రెండ్ చెప్పాడేమో, నేరుగా మాట్లాడుకుంటున్నారేమో. ముఖ్యంగా ఆమె కాపురం బాగాలేదన్న కబురు వస్తే దాన్ని తేలిగ్గా తీసుకోకండి. అది చాలా దగ్గరగా కూర్చుని మాట్లాడుకునేవాళ్ల మధ్యే వచ్చే కబురు.

ఇంకో గుర్తు, అది ఎప్పుడు వస్తోంది అన్నది. ఇక్కడ ఒక జంట సంగతి చెప్తాను, ఎవరో తెలియకుండా వివరాలు మార్చాను. మీలాగే పెద్దలు చేసిన పెళ్లి, అబ్బాయికి ముందు ఒక ప్రేమ, ఇంట్లో వద్దన్నారు. భార్య వచ్చి చెప్పింది కూడా మీరు రాసిందే, ‘ప్రతిదానికీ పోలుస్తారు’ అని. ప్రతిదానికీ అంటే నాకు ఏమీ తెలియదు కదా. ఇంట్లో పాల లెక్క రాసుకునే చిన్న పుస్తకం ఉందట, దాని వెనకపేజీల్లో మూడు వారాలు రాయమన్నాను. ఏ రోజు, ఎన్నింటికి, అంతకు ముందు ఏం జరిగింది, ఆయన అన్న మాట అచ్చంగా ఏంటి, తను ఏమంది, ఆ తర్వాత ఏమైంది. అంతే. విశ్లేషణ వద్దు, ఏడుపొచ్చిందనీ రాయొద్దు, జరిగింది మాత్రం.

మూడు వారాల తర్వాత ఆ పేజీలు చూస్తే, ప్రతిదానికీ కాదు. పోలిక వచ్చిన సందర్భాల్లో ఎక్కువ భాగం ఆదివారం మధ్యాహ్నం తర్వాత ఉన్నాయి. ఆదివారం అతను వాళ్ల నాన్నగారికి ఫోన్ చేస్తాడు. ఫోన్ పెట్టేసిన గంటా రెండు గంటల్లో ఉప్మాలో ఉప్పు దగ్గరో, ఇస్త్రీ దగ్గరో మొదలయ్యేది. ఒకసారి మాత్రం బుధవారం ఉంది, ఆ రోజు వాళ్ల అమ్మగారు వచ్చి వెళ్లారు. భార్య ఇదంతా తన వంట గురించి అనుకుంది. అసలు సంగతి ఏంటంటే, అతనికి కోపం వాళ్ల నాన్న మీద. ఆ కోపం ఆయన ముందు చూపించలేడు. చూపించగలిగే మనిషి ఒక్కతే ఇంట్లో ఉంది. ‘తనైతే ఇలా చేసేది కాదు’ అని భార్యతో అన్న ప్రతిసారీ నిజానికి వాళ్ల నాన్నతో ‘మీరు నా దగ్గర ఏం లాక్కున్నారో చూడండి’ అంటున్నాడు.

అతనితో విడిగా కూర్చున్నప్పుడు చాలాసేపు ఆ అమ్మాయి ఎంత మంచిదో చెప్పాడు. నేను ఆపలేదు. తర్వాత, ఆ చివరి రోజు ఏమైంది అని మాత్రం అడిగాను. అప్పుడు బయటికి వచ్చింది. ఆ అమ్మాయి రిజిస్టర్ ఆఫీసుకి వెళ్దామని రెండుసార్లు అడిగిందట, ఇతను సమయం కావాలన్నాడట, ఆ తర్వాత ఫోన్ ఎత్తలేదట. ఇంట్లో వద్దన్నారన్నది నిజమే కానీ, అతను నిలబడలేదన్నది కూడా నిజం. ఆ తప్పు బరువు మొయ్యలేక ఆ అమ్మాయిని ఇంకా ఇంకా పైకి ఎత్తుతున్నాడు. ఇలా పోల్చేవాళ్లలో ఇది నాకు చాలాసార్లు కనిపించింది. పైకి ప్రేమలా కనిపిస్తుంది, తవ్వితే అపరాధ భావం ఉంటుంది. దాన్ని అతని చేత మాటల్లో చెప్పించి, భార్య ముందు ఒకసారి ఒప్పుకునేలా చేసిన తర్వాత పోలికలు తగ్గాయి. ఒక్కసారిగా ఆగలేదు. వాళ్ల చెల్లెలి ప్రేమ పెళ్లికి అదే ఇంట్లోవాళ్లు ఒప్పుకున్నప్పుడు మళ్లీ బాగా పెరిగాయి కూడా, పెరగడం సహజమే. కానీ ఆ సరికి ఇద్దరికీ అది దేని గురించో తెలుసు.

అందుకని మీరు కూడా ముందు రెండు మూడు వారాలు రాయండి. ఆయనకి చూపించడానికి కాదు. ‘ఇదిగో పద్నాలుగుసార్లు అన్నారు’ అని ముందు పెడితే అది నేరపత్రం అవుతుంది, ఆయన తప్పించుకోవడం మీద పడతారు. మీరు చూసుకోవడానికి మాత్రమే. రాసేటప్పుడు పోలిక దేని మీద వస్తోందో కూడా గమనించండి. ఫోన్ ఎత్తడం, ఓపిగ్గా వినడం, తనని మెచ్చుకోవడం లాంటి వాటి మీద వస్తే దాని వెనక ఆయనకి కావలసింది ఒకటి ఉంది, అడగడం చేతకాక ఇలా అడుగుతున్నారు. మీ ఒంటి రంగు, లావు, చదువు, పుట్టింటివాళ్ల స్తోమత మీద వస్తుంటే మాత్రం అది వేరే సంగతి. మీరు మార్చుకోలేని వాటి మీద పోల్చే మనిషికి ఏదో కావాలని కాదు, మిమ్మల్ని తక్కువ చెయ్యాలని ఉంది.

ఈ లోపల కొన్ని పనులు చెయ్యకండి. ఆయన ఫోన్ దొంగతనంగా చూడకండి. ఏమీ దొరకకపోతే మీకు నమ్మకం కుదరదు, రేపు మళ్లీ చూడాలనిపిస్తుంది. దొరికితే మాటలన్నీ ‘నా ఫోన్ ఎందుకు చూశావ్’ మీదకి మళ్లిపోతాయి. అలాగే ఆ అమ్మాయి గురించి మీరుగా అడగకండి. నాకంటే బాగుంటుందా, ఎలా మాట్లాడేది, మీకు ఏం వండిపెట్టేది, ఇవన్నీ అడగాలనిపిస్తుంది, పుండుని గోకాలనిపించినట్టే. అడిగిన ప్రతిసారీ మీరే ఆమెని ఇంట్లోకి పిలిచి కుర్చీ వేస్తున్నారు. ఇక ఆమెలా తయారవ్వాలని మాత్రం అస్సలు చూడకండి. జుట్టు కత్తిరించుకుని, గొంతు తగ్గించుకుని, ఇష్టం లేని రంగు చీరలు కొనుక్కుని వచ్చిన వాళ్లని చూశాను. అలా చేస్తే ‘నాకు ఆమె కావాలి’ అన్న ఆయన మాటని మీరే నిజమని ఒప్పుకున్నట్టు అవుతుంది. ఎంత మారినా మీరు నకలుగానే మిగులుతారు.

తర్వాత మాట్లాడండి. ఆయన పోల్చిన క్షణంలో కాదు, అప్పుడు ఇద్దరికీ రక్తం వేడి మీద ఉంటుంది. రాత్రి పడకగదిలో కాదు. అత్తగారు వాళ్లు ఇంట్లో ఉన్న రోజు అసలే వద్దు. పొద్దున టిఫిన్ అయ్యాక, లేదా ఇద్దరూ నడకకి వెళ్లినప్పుడు, పక్కపక్కన నడుస్తూ ఉంటే ఎదురెదురుగా కూర్చున్నదానికంటే మగవాళ్లు ఎక్కువ మాట్లాడతారని నా అనుభవం. చెప్పాల్సినవి రెండే. ఇలా చెప్పొచ్చు:

‘మీరు ఆమెని ప్రేమించారని తెలిసే మిమ్మల్ని చేసుకున్నాను. ఆమె గుర్తొచ్చి బాధగా ఉంటే బాధగా ఉందని చెప్పండి, నేను వింటాను, గొడవ చెయ్యను. కానీ నన్ను ఆమెతో కొలవకండి. మీకు నా దగ్గర ఏదైనా కావాలంటే అది అడగండి. నిన్న ఫోన్ ఎత్తలేదని అన్నారు కదా, ఫోన్ ఎత్తు అని అడిగితే చాలు.’

ఇందులో గమనించండి, గుర్తు చేసుకోవడాన్ని మీరు ఆపడం లేదు, కొలవడాన్ని ఆపుతున్నారు. ఆ పేరు ఇక ఈ ఇంట్లో వినపడకూడదు అని షరతు పెడితే ఆయన పైకి సరే అంటారు, లోపల ఆ అమ్మాయి ఇంకా పెద్దదవుతుంది. దుఃఖానికి చోటిచ్చి, పోలికకి చోటు లేకుండా చెయ్యడమే ఇక్కడ పని. ఇది వినడం మీకు కష్టం, నాకు తెలుసు. భర్త నోట ఇంకో అమ్మాయి కోసం బాధ వినడం ఎవరికీ తేలిక కాదు. వినలేననిపిస్తే వినలేనని చెప్పండి, ఆ భాగం కౌన్సెలర్ దగ్గర పెట్టుకోమనండి. ఓర్చుకుని విని, తర్వాత దాన్నే పట్టుకుని దెప్పడం మాత్రం వద్దు.

అదే రోజు కాకపోయినా, ఆ వారంలోనే రెండో ప్రశ్న అడగండి, మామూలు గొంతుతో: ‘మీరిద్దరూ ఇప్పుడు మాట్లాడుకుంటున్నారా?’ జవాబు కంటే జవాబు వచ్చే తీరు చూడండి. నిజం చెప్పే మనిషి వివరం చెప్తాడు. ‘లేదు, పెళ్లి కుదిరినప్పుడు ఒకసారి మెసేజ్ పెట్టింది, అంతే’ అనో, ‘ఫేస్‌బుక్‌లో అప్పుడప్పుడు చూస్తుంటాను, మాట్లాడను’ అనో అంటాడు. వినడానికి బాధగా ఉన్నా అది మంచి జవాబు. ‘నీకు నా మీద అంత నమ్మకం లేదా’ అని ఎదురు తిరిగితే మీరు అడిగినదానికి జవాబు ఇంకా రాలేదన్నమాట. ఒక రోజు ఆగి మళ్లీ అదే ప్రశ్న అదే గొంతుతో అడగండి.

తలుపు తెరిచి ఉన్న సంగతి కూడా ఒకటి చెప్పాలి, అక్కడ పోల్చింది భార్య. భర్తకి బ్యాంకు ఉద్యోగం, బదిలీల మీద బదిలీలు. ‘అతనైతే ఈపాటికి ఆన్‌సైట్‌లో సెటిలయ్యాడు’ అని మొదలై, ‘డల్లాస్‌లో ఇల్లు కొన్నాడు’, ‘ఇంకా పెళ్లి చేసుకోలేదు పాపం’ దాకా వచ్చింది. ప్రతి నెలా కొత్త వార్త. ఆయన అడిగితే మొదట కాదంది, తర్వాత తనే చెప్పింది, దాదాపు రోజూ చాటింగ్ ఉందని. అక్కడ పోలికల గురించి కౌన్సెలింగ్ చేసి ప్రయోజనం లేదు. ముందు ఆ చాటింగ్ ఆగాలి, లేదా ఈ కాపురం వద్దని ఆవిడ తేల్చి చెప్పాలి. రెండూ నడుస్తున్నంతకాలం ఇంట్లో ఉన్న మనిషి ఏం చేసినా తక్కువే అవుతుంది, ఎందుకంటే ప్రతి చిన్న చిరాకూ అక్కడికి వెళ్లి సానుభూతి అయి తిరిగొస్తుంది. ఆవిడ ఆపలేనంది. వాళ్లు విడిపోయారు. ఆ భర్తకి నేను చెప్పగలిగింది ఒక్కటే, ఇది మీలో లోపం వల్ల జరగలేదని.

ఇప్పుడు మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే కలవరపెట్టిన మాట దగ్గరికి వస్తాను. అది ‘తనైతే’ కాదు, ‘సరదాగా అన్నా, నీకు జోక్ కూడా అర్థం కాదు’ అన్నది. పోలిక నోరు జారి వస్తుంది. కానీ ఎదుట మనిషి ఏడుస్తుంటే చూసి, ఆ ఏడుపుని కూడా ఆమె లోపం కింద కట్టడం నోరు జారడం కాదు. జాన్ గాట్‌మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దశాబ్దాల పాటు జంటల సంభాషణల్ని రికార్డు చేసి చూశారు. పోట్లాటలు ఎన్ని అన్నదానికంటే, ఎదుటివాళ్లని చులకన చెయ్యడం ఎక్కువగా ఉన్న కాపురాలే విడిపోయే దారిలో ఉంటాయని ఆయన తేల్చారు. ఆయన పరిశోధనలో ఇంకో సంగతి కూడా ఉంది, బాగున్న జంటలు కూడా ఒకళ్లనొకళ్లు బాధపెట్టుకుంటారు, కానీ ఆ తర్వాత దాన్ని సరిచేసుకుంటారు.

కాబట్టి ఆయన మనసు ఎక్కడుందో తెలియాలంటే ఆ అమ్మాయి గురించి ఆయన ఏమంటున్నారో చూడటం మానేసి, మీకు నొప్పి పుట్టిందని తెలిశాక ఆయన ఏం చేస్తున్నారో చూడండి. పైన చెప్పినట్టు ఒకసారి స్పష్టంగా మాట్లాడాక రెండు మూడు నెలలు టైమ్ ఇవ్వండి. ఈ లోపల మళ్లీ నోరు జారతారు, తప్పదు, ఏడాదిన్నరగా పాతుకుపోయిన అలవాటు. జారాక ‘అయ్యో, మళ్లీ అన్నాను, సారీ’ అని ఆయనంతట ఆయన పట్టుకున్నారంటే, లేదా సగం మాటలో ఆగిపోయారంటే, మనసు ఇక్కడికి రావడానికి ప్రయత్నిస్తోంది. అప్పుడు మీరూ దాన్ని గుర్తించండి, ‘ఆగినందుకు థాంక్స్’ అనండి, పాత లెక్కలు తియ్యకండి. పోలిక వచ్చినప్పుడల్లా మీరు అనాల్సింది ఒకే వాక్యం: ‘మీకేం కావాలో అది అడగండి.’ ఏడవకుండా, అరవకుండా, ఒకే వాక్యం. ఆయుధం పనిచెయ్యడం మానేస్తే వాడే అలవాటు కూడా చాలామందిలో సడలుతుంది.

అలా కాకుండా, మీరు ఇంత వివరంగా చెప్పాక కూడా, నొప్పి ఎక్కడ పుడుతుందో తెలుసుకుని మరీ అక్కడే కొడుతుంటే, బంధువుల ముందు, స్నేహితుల ముందు పోల్చడం మొదలుపెడితే, అది ప్రేమ కథ కాదు, ఆ అమ్మాయికీ దానికీ సంబంధం లేదు. ఆమె లేకపోతే ఇంకెవరో కొలబద్ద అయ్యేవారు. దీన్ని భరించడం భార్య ధర్మం అని ఎవరైనా అంటే నమ్మకండి. 2022 ఆగస్టులో కేరళ హైకోర్టు ఒక విడాకుల కేసులో, భార్యని ఇతర ఆడవాళ్లతో పోలుస్తూ, నువ్వు నేననుకున్నట్టు లేవని పదే పదే దెప్పడం మానసిక క్రూరత్వమేనని చెప్పింది. 2005 నాటి గృహ హింస చట్టంలో కూడా కొట్టడం ఒక్కటే హింస కాదు, అవమానించడం, హేళన చెయ్యడం కూడా మాటలతో చేసే హింస కింద స్పష్టంగా ఉన్నాయి. మీ కాపురం అక్కడికి వచ్చిందని నేను అనడం లేదు, మీరు రాసినదాంట్లో అలాంటి ఆధారం లేదు. కానీ డబ్బులు ఇవ్వకపోవడం, పుట్టింటికి ఫోన్ చెయ్యనివ్వకపోవడం, చెయ్యెత్తడం లాంటివి కూడా ఉండి సిగ్గుపడి రాయకపోతే, 181కి ఫోన్ చెయ్యండి, అది మహిళల హెల్ప్‌లైన్. దగ్గర్లోని సఖి కేంద్రం వివరాలు వాళ్లే చెప్తారు. నిద్ర పట్టక, తిండి సహించక, ఎప్పుడూ గుండెదడగా ఉంటే 14416కి ఫోన్ చెయ్యండి, అది టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఒక్క విషయంలో మాత్రం కచ్చితంగా చెప్తాను. ఈ మాట ఇంట్లో పెద్దవాళ్ల దాకా వెళ్తే ఎవరో ఒకరు ‘ఒక బిడ్డ పుడితే అన్నీ సర్దుకుంటాయి’ అంటారు. ఈ విషయం తేలేదాకా ఆ నిర్ణయం వాయిదా వెయ్యండి. పసిబిడ్డతో నిద్రలేని మొదటి ఏడాది బాగున్న కాపురాలకే పరీక్ష. అప్పుడు మీరు అలసిపోయి ఉంటారు, ఆయనకి మీ సమయం తగ్గుతుంది, పోల్చడానికి కారణాలు రెట్టింపవుతాయి. ఇప్పుడు గృహిణిగా మాత్రమే కొలుస్తున్నవాళ్లు అప్పుడు అమ్మగా కూడా కొలవడం మొదలుపెడతారు.

పెద్దవాళ్లకి చెప్పడం గురించి కూడా. ఆయన కోపం అసలు వాళ్ల ఇంట్లోవాళ్ల మీదే అయితే, మీ అత్తగారితో చెప్పడం వల్ల మంట ఎగుస్తుందే తప్ప తగ్గదు. ఆవిడ ఆయనకి ఫోన్ చేసి ‘ఇంకా దాన్ని మర్చిపోలేదా’ అంటారు, ఆ సాయంత్రం మళ్లీ మీకే తగులుతుంది. మీ అమ్మానాన్నలకి చెబితే రేపు మీరిద్దరూ కలిసిపోయినా వాళ్లు ఆయన్ని ఎప్పటికీ మామూలుగా చూడలేరు. మీ వైపు నుంచి నోరు జారని ఒక్క మనిషికి, అక్కో స్నేహితురాలో, చెప్పుకోండి, ఒంటరిగా మాత్రం మొయ్యకండి.

ఆయన కౌన్సెలింగ్‌కి వస్తానంటే మొదటి రోజే ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టి ‘మర్చిపో బాబూ’, ‘సర్దుకుపో అమ్మా’ అనేవాళ్ల దగ్గరికి వెళ్లకండి. ఇద్దరితో విడివిడిగా ఒకసారైనా మాట్లాడేవాళ్లని చూసుకోండి, ఎందుకంటే మీ ముందు ఆయన ఆ ప్రేమ గురించి నిజం మొత్తం చెప్పరు, చెప్పకపోతే పని జరగదు. రానంటే మీరొక్కరే వెళ్లండి, ఒక్కరు మొదలుపెట్టి తర్వాత రెండోవాళ్లు వచ్చినవి చాలా ఉన్నాయి. వెళ్లేటప్పుడు ఆ రాసుకున్న పేజీలు మాత్రం తీసుకెళ్లండి.